ఎదురింటికి వెళ్లకుండా మా ఇంటికే ఎందుకొచ్చారు?

పొద్దున్నే మున్సిపాలిటీ నుంచి ఒకమ్మాయి వచ్చి తలుపు కొట్టింది అనుకోండి. కుళాయి రోజూ వస్తుందా, ఎంతసేపు వస్తుంది, చాలకపోతే ఏం చేస్తున్నారు అని అడిగి రాసుకుంది. పక్కింటావిడ గేటు దగ్గర నిలబడి చూస్తూనే ఉంది. "మమ్మల్ని అడగరా అమ్మా?" అంటే, "మీ ఇల్లు లిస్టులో లేదండీ" అని ఆ పిల్ల వీధి చివరికి నడిచి ఇంకో గుమ్మం ఎక్కింది.

పక్కింటావిడకి కోపం రావడం సహజం. కానీ ఆమెను వదిలేయాలన్న నిర్ణయం ఆ పిల్లది కాదు. సర్వే మొదలవడానికి ముందే ఆఫీసులో ఒక నోటు తయారవుతుంది. ఎన్ని ఇళ్లకు వెళ్లాలి, ఏ వార్డులో ఎన్ని, ఏ ఇల్లు, తలుపు తాళం వేసి ఉంటే ఏం చేయాలి అన్నవన్నీ అందులోనే తేలిపోతాయి. సర్వే చివర్లో "ఇంత శాతం మందికి నీళ్లు అందుతున్నాయి" అని వచ్చే అంకె నిజమా కాదా అన్నది కూడా చాలావరకు అక్కడే తేలుతుంది. 30 వార్డులు, 24,000 కుటుంబాలు ఉన్న ఊరిని ఒకదాన్ని ఊహించుకుని, ఆ నోటు ఎలా రాయాలో చూద్దాం.

ముందు ఏ జాబితా?

ఇళ్లు ఎంచాలంటే ముందు ఇళ్ల జాబితా కావాలి. మున్సిపల్ ఆఫీసులో చేతికందే జాబితాలు రెండు. ఒకటి కుళాయి కనెక్షన్ల రిజిస్టరు, రెండోది ఆస్తి పన్ను రిజిస్టరు. మొదటిది తీసుకుంటే పని సగం తగ్గుతుంది, సర్వే సగం చెడుతుంది. కుళాయి ఉన్నవాళ్లనే అడిగి "ఊళ్లో నీళ్లు బాగానే వస్తున్నాయి" అని చెప్పినట్టవుతుంది. వీధి కుళాయి దగ్గర బిందెలు వరసలో పెట్టేవాళ్లు, ట్యాంకరు కోసం చూసేవాళ్లు ఆ రిజిస్టరులో ఉండరు.

పన్ను రిజిస్టరు కొంత మేలే కానీ దానిలో ఉండేది కట్టడాలు, కుటుంబాలు కావు. ఒకే డోర్ నంబరు వెనక ముగ్గురు అద్దెకున్నవాళ్లు ఉండవచ్చు. కాలువ గట్టు మీది గుడిసెకు అసలు నంబరే ఉండకపోవచ్చు. అందుకే జనగణనలో వాడే కొలత ఇక్కడా పనికొస్తుంది: ఒకే వంటింట్లో వండుకుని తినేవాళ్లంతా ఒక కుటుంబం. ఒకే గోడల మధ్య మూడు పొయ్యిలు వెలిగితే మూడు కుటుంబాలు.

మంచి నోటు ఈ చిక్కును ఇలా విప్పుతుంది. వార్డును పటం మీద రోడ్లు, కాలువలు హద్దులుగా చిన్న చిన్న భాగాలు చేస్తారు. ఒక్కో భాగంలో వంద నుంచి నూట యాభై కుటుంబాలు ఉంటాయి. వీటిని బ్లాకులు అందాం. ఊరి నేలలో ఏ ముక్కా బ్లాకుల బయట మిగలకూడదు. చీటీలు తీసినట్టు కొన్ని బ్లాకులను ఎంచి, వాటిలో మాత్రం గుమ్మం గుమ్మానికీ తిరిగి కొత్తగా జాబితా రాస్తారు. 2011 జనగణన బ్లాకులు ఉన్నాయి కదా అంటే, ఆ తర్వాత లేచిన లేఅవుట్లు వాటిలో కనబడవు. 2021లో జరగాల్సిన జనగణన వాయిదా పడడంతో ఆ పటాలు మరీ పాతబడ్డాయి.

గుండిగలో గరిటె

24,000 కుటుంబాల్లో ఎన్నింటిని అడిగితే చాలు? పుస్తకాల్లో కనబడే అంకె 384. చీటీలు తీసి విడివిడిగా 384 ఇళ్లను ఎంచుకుంటే, వచ్చే శాతం అసలు శాతానికి అటో ఇటో 5 లోపే ఉంటుంది. ఇలాంటి సర్వే వందసార్లు చేస్తే దాదాపు 95 సార్లు ఈ మాట నిలుస్తుంది. ఊరు పది లక్షల కుటుంబాలదైనా ఆ 384 పెద్దగా మారదు. ఇది వింతగా అనిపిస్తుంది కానీ, ఇంట్లో గిన్నెడు సాంబారైనా పెళ్లివారి గుండిగలో సాంబారైనా ఉప్పు చూడడానికి ఒక్క గరిటె చాలు కదా.

అయితే ఆ గరిటె చాలడానికి ఒక షరతు ఉంది: గుండిగను బాగా కలియబెట్టి ఉండాలి. ఊరిని ఎవరూ కలియబెట్టలేదు. ఓవర్‌హెడ్ ట్యాంకుకు దగ్గరి వీధిలో నీళ్లు జోరుగా వస్తాయి. గొట్టం చివరి వీధికి చేరేసరికి ధార సన్నబడుతుంది. మధ్యలో కుళాయిలకు నేరుగా మోటార్లు బిగించిన ఇళ్లుంటే చివరివాళ్లకు గాలే వస్తుంది. వీధికి వాల్వు ఒకటే, దాన్ని తిప్పే మనిషి ఒకడే. కాబట్టి ఒక వీధిలో మొదటి ఇల్లు "నిన్న రాలేదు" అంటే మిగతా ఇళ్లూ అదే చెప్పడానికి అవకాశం ఎక్కువ. అక్కడ ఎనిమిది మందిని అడిగినా మనకు ఎనిమిది కొత్త సంగతులు తెలియవు.

ఖర్చు చూసుకుంటే మాత్రం ఒక బ్లాకుకు వెళ్లినవాళ్లు ఒక్క ఇల్లు చూసి తిరిగి రాలేరు. అందుకని బ్లాకుకు ఎనిమిది ఇళ్లు అనుకుంటారు. ఇరుగుపొరుగు జవాబుల పోలికను సున్నా నుంచి ఒకటి దాకా కొలుస్తారు. సున్నా అంటే పొంతనే లేదు, ఒకటి అంటే అందరిదీ ఒకే మాట. పాత సర్వేను బట్టో, ముందుగా రెండు మూడు బ్లాకుల్లో అడిగి చూసో ఈ అంకెను అంచనా వేస్తారు. మన ఊళ్లో అది 0.2 అనుకుందాం. మొదటి ఇల్లు పోగా మిగిలిన 7ను 0.2తో గుణించి ఒకటి కలిపితే 2.4. అంటే 384 ఇళ్ల పని జరగాలంటే 384కి 2.4 రెట్లు, సుమారు 922 ఇళ్లు కావాలి. 30 వార్డులకు సమంగా పంచడానికి దాన్ని 960 చేస్తారు: వార్డుకు నాలుగు బ్లాకులు, బ్లాకుకు ఎనిమిది ఇళ్లు.

పోలిక నిజానికి 0.5 ఉంటే? అప్పుడు ఆ 960 ఇళ్లు విడివిడిగా ఎంచిన 213 ఇళ్లతో సమానం. నీటి విషయంలో ఇది ఊహకందని మాటేమీ కాదు. అందుకే డబ్బు ఇంకొంచెం ఉంటే, బ్లాకులో ఇళ్లు పెంచడం కన్నా బ్లాకులు పెంచడం మేలు.

ఏడో ఇల్లు, ఇరవై రెండో ఇల్లు

ఇక తాళాలు. పదింటిలో ఒక ఇంటివాళ్లు దొరకరని ముందే అనుకుని, బ్లాకుకు ఎనిమిదికి బదులు తొమ్మిది ఇళ్లు ఎంచుతారు. ఒక బ్లాకులో 135 కుటుంబాలు ఉంటే, 135ను 9తో భాగిస్తే 15. ఒకటి నుంచి పదిహేను లోపు చీటీ తీస్తే 7 వచ్చిందనుకోండి. జాబితాలో ఏడో ఇల్లు, తర్వాత 22, 37, అలా పదిహేనేసి చొప్పున 127 దాకా. పక్కింటావిడ ఎనిమిదో ఇల్లు. ఆమెను వదిలేయడం వెనకున్నది ఇంతే.

ఏడో ఇంటికి తాళం ఉంటే ఎనిమిదో ఇంటికి వెళ్లకూడదు అని నోటులో గట్టిగా రాయాలి. మధ్యాహ్నం పదకొండింటికి తాళం వేసి ఉండే ఇల్లు ఎవరిది? మొగుడూ పెళ్లాం ఇద్దరూ పనికి పోయేవాళ్లది. నీళ్లు పదింటికి వదిలితే పట్టుకోలేకపోయేదీ వాళ్లే. వాళ్లకు బదులు ఇంట్లో ఉన్నవాళ్లను అడుగుతూ పోతే, నీటి కష్టం ఎక్కువున్నవాళ్లే కాగితం మీంచి జారిపోతారు. కాబట్టి సాయంత్రం ఒకసారి, సెలవు రోజున ఇంకోసారి వెళ్లాలి. అప్పటికీ దొరక్కపోతే "దొరకలేదు" అని రాసి వదిలేయాలి.

చిన్న వార్డు, పెద్ద వార్డు

వార్డుకు 32 చొప్పున సమంగా పంచడంలో ఒక మెలిక ఉంది. ఒక వార్డులో 1,600 కుటుంబాలు, ఇంకోదానిలో 400 ఉన్నాయనుకుందాం. పెద్ద వార్డులో అడిగిన 32లో 8 ఇళ్లకు, చిన్న వార్డులో 32లో 24 ఇళ్లకు రోజూ నీళ్లు వస్తున్నాయి. ఊరికే కూడితే 64కి 32, అంటే 50 శాతం. అది తప్పు. పెద్ద వార్డులో ఒక్కో ఇల్లు 50 కుటుంబాల తరఫున మాట్లాడుతోంది, చిన్న వార్డులో పన్నెండున్నర తరఫున. ఆ లెక్కన పెద్ద వార్డులో 400, చిన్న వార్డులో 300, మొత్తం 2,000 కుటుంబాల్లో 700. అంటే 35 శాతమే. ఏ ఇంటి మాటకు ఎంత బరువు అన్నది నోటులోనే రాసి పెట్టకపోతే, చివర్లో కంప్యూటర్ ముందు కూర్చున్నవాళ్లు ఊరికే కూడేస్తారు.

అడిగినవాళ్లనూ పరీక్షించడం

కలకత్తాలో 1931లో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌ను స్థాపించిన మహలనోబిస్, బెంగాల్ జనపనార పంట సర్వేల కాలం నుంచి ఒక ఉపాయం వాడేవాడు. శాంపిల్‌ను రెండు సమాన భాగాలు చేసి, ఒక్కోదాన్ని ఒక్కో జట్టుకు అప్పగించడం. ఊరంతటా రెండు జట్లూ తిరుగుతాయి, ఇళ్లు మాత్రం వేరు.

మన ఊళ్లో ప్రతి వార్డులోనూ రెండు బ్లాకులు ఒక జట్టుకి, రెండు ఇంకో జట్టుకి ఇస్తే చెరి 480 ఇళ్లు. రెండు జట్ల శాతాల మధ్య కేవలం చీటీల వల్ల వచ్చే తేడా మామూలుగా 10 దాటదు. ఒక జట్టు 42 శాతం అని, ఇంకో జట్టు 61 శాతం అని తెస్తే తేడా నీళ్లలో లేదు, అడిగిన తీరులో ఉంది. ఒకరు "రోజూ వస్తుందా?" అని, ఇంకొకరు "గత ఏడు రోజుల్లో ఎన్ని రోజులు వచ్చింది?" అని అడిగి ఉండవచ్చు. లేదా ఒక జట్టు తాళాలున్న ఇళ్లకు బదులు పక్కిళ్లు పట్టుకుని ఉండవచ్చు.

నోటు చివరి పేరా

సర్వే అయ్యాక కౌన్సిల్లో మొదట వచ్చే ప్రశ్న "మా వార్డు ఎన్నోది?" అనే. వార్డులో అడిగింది 32 ఇళ్లు. ఇరుగుపొరుగు పోలిక తీసేస్తే అవి 13 ఇళ్ల కింద లెక్క. అంత తక్కువతో వచ్చే శాతం అటూ ఇటూ 27 దాకా ఊగుతుంది. 40 శాతం వచ్చిన వార్డుకూ 60 శాతం వచ్చిన వార్డుకూ మధ్య నిజంగా తేడా ఉందో లేదో ఈ సర్వే చెప్పలేదు. ఒక్కో ట్యాంకు కింద ఆరు వార్డులు ఉండేలా ఐదు ట్యాంకుల వారీగా కలిపితే, ఒక్కోదానికి 192 ఇళ్లు వస్తాయి. అప్పుడు ఊగిసలాట 11కి తగ్గుతుంది. నీళ్లు వచ్చేది ట్యాంకు నుంచే కాబట్టి ఇంజనీరుకు కావలసింది కూడా ఆ లెక్కే.

కాబట్టి నోటు చివరి పేరాలో ఒక మాట ఉండాలి: "ఈ శాంపిల్‌తో వార్డులకు ర్యాంకులు ఇవ్వరాదు." రేపు పేపర్లో వార్డుల వారీ ర్యాంకుల పట్టిక కనబడితే, మీ వార్డు ఎన్నో స్థానంలో ఉందని చూసుకునే ముందు ఒక్కో వార్డులో ఎన్ని గుమ్మాలు ఎక్కారో చూడండి.