ఇంట్లో కూర్చుని చేసినా పనే

"క్లయింటు హైదరాబాద్‌లో ఉన్నాడు, డబ్బు మన బ్యాంకు ఖాతాకే వస్తోంది. ఆస్ట్రేలియా వీసాకు దీంతో ఏం సంబంధం?" అక్కడ చదువుకుంటూ ల్యాప్‌టాప్ మీద వీడియోలు ఎడిట్ చేసే, లోగోలు గీసే పిల్లల వాదన ఇది. వాదన బాగానే ఉంది కానీ నిలవదు. అక్కడి వలస నిబంధనల ప్రకారం ఆ దేశంలో మామూలుగా ప్రతిఫలం ముట్టే ఏ పనైనా పనే. డబ్బు ఏ దేశం నుంచి వస్తుందన్న ప్రస్తావన అందులో లేదు.

అలాగని ఆస్ట్రేలియా ఫ్రీలాన్సింగ్‌ను నిషేధించలేదు. ఏబీఎన్ అనే వ్యాపార నంబరు ఉచితంగా తీసుకుని స్టూడెంట్ వీసా మీదే చేసుకోవచ్చు. బ్రిటన్ స్టూడెంట్ వీసా మీద స్వయం ఉపాధి కుదరదు. అమెరికాలో ఎఫ్-1 మీద చదువుతున్నవాళ్లకూ అనుమతి లేకుండా బయటి పని కూడదు. అందుకే అమెరికాలో ఉన్న అన్నయ్య సలహా ఆస్ట్రేలియాలోని తమ్ముడికి పనికిరాదు. వీసా షరతులు చూపించే VEVO అనే ప్రభుత్వ సైటులో ఎవరిది వాళ్లు చూసుకోవాల్సిందే.

అక్కడ సాధారణంగా 8105 అనే షరతు కనిపిస్తుంది. కోర్సు మొదలవక ముందు పని చేయకూడదు. తరగతులు నడిచే రోజుల్లో పద్నాలుగు రోజులకు 48 గంటలు మించకూడదు. సెలవుల్లో పరిమితి లేదు. తిరకాసంతా ఆ పద్నాలుగు రోజుల్లోనే ఉంది. ప్రతి సోమవారమూ కొత్త లెక్క మొదలవుతుంది.

ఒక అమ్మాయి కేఫ్‌లో వారానికి 16 గంటలు చేస్తోందనుకుందాం. రెండో వారం, మూడో వారం 12 గంటల చొప్పున ఆన్‌లైన్ పని ఒప్పుకుంది. మొదటి రెండు వారాలు కలిపితే 44, చివరి రెండు కలిపితే 44. అంతా సవ్యంగా ఉందనిపిస్తుంది. కానీ రెండు, మూడు వారాలు కలిపితే 56! షరతు తప్పినట్టే, వీసా రద్దయ్యే ప్రమాదం కూడా ఉంది.

కేఫ్ గంటలు జీతం స్లిప్పులో ఉంటాయి. ఫ్రీలాన్స్ గంటలు ఎవరూ రాసిపెట్టరు. కాబట్టి ఏ రోజు, ఏ క్లయింటుకు, ఎన్ని గంటలన్నది ఆ రోజే రాసుకోవాలి. విశ్వవిద్యాలయం సెలవుల క్యాలెండర్ కాపీ కూడా పక్కన ఉండాలి.

సంపాదనకు స్క్రీన్‌షాట్లు చాలవు. ప్రతి పనికీ నంబరున్న ఇన్‌వాయిస్, ఫ్రీలాన్స్ సైటు ఇచ్చే నెలవారీ స్టేట్‌మెంట్, బ్యాంకు స్టేట్‌మెంట్ మూడూ ఒకదానికొకటి సరిపోవాలి. 300 డాలర్ల పనికి సైటు 30 కోసుకుని 270 వేసిందనుకోండి. పన్ను రిటర్నులో ఆదాయం 300 చూపి, 30 ఖర్చుగా రాయాలి. 270 అని రాస్తే ఇన్‌వాయిస్‌తో పొంతన కుదరదు. అక్కడి ఆర్థిక సంవత్సరం జూలై 1న మొదలై జూన్ 30న ముగుస్తుంది. ఈ కాగితాలను ఐదేళ్లు దాచాలన్నది పన్ను శాఖ నియమం.