మలుపు తిరిగినా సుడి తిరగని నీరు

పైనుంచి దిగే ప్రవాహం గచ్చును తాకి రెండు పక్కలకు చీలిపోతుంది. తాకే చోటును మూలబిందువుగా, గచ్చును x అక్షంగా తీసుకుని కుడి సగాన్ని మాత్రమే చూద్దాం. అక్కడి వేగాలను u = 2x, v = −2y అని రాయొచ్చు. దూరాలు మీటర్లలో, వేగాలు సెకనుకు మీటర్లలో.

ముందుగా తేల్చాల్సింది, నీరు నొక్కుకుపోకుండా ఇలా పారగలదా అన్నది. ∂u/∂x విలువ 2, ∂v/∂y విలువ −2. కూడితే సున్నా. అంటే ఏ చిన్న గడి తీసుకున్నా వచ్చినంత నీరూ బయటికి పోతోంది. కనుక స్ట్రీమ్ ఫంక్షన్ ψ ఉంటుంది. u = ∂ψ/∂y, v = −∂ψ/∂x అన్న నియమాలతో సమాకలనం చేస్తే ψ = 2xy వస్తుంది.

ψ విలువ మారని గీతల వెంబడే నీరు నడుస్తుంది. గచ్చు మీద ψ = 0, (1, 1) గుండా పోయే గీత మీద ψ = 2. ఈ తేడాయే ఆ రెంటి మధ్య పారే నీటి లెక్క: ఒక మీటరు మందానికి సెకనుకు 2 ఘనపు మీటర్లు. నమ్మకం కుదరకపోతే చూడండి. x = 1 దగ్గర ఎత్తు 1, వేగం 2. x = 2 దగ్గర అదే గీత ఎత్తు 0.5కి దిగుతుంది, వేగం 4 అవుతుంది. రెండు చోట్లా లబ్ధం 2.

పొరపాటున v = 2y అని రాస్తే మొత్తం 4 అవుతుంది. ఎక్కడా లేని నీరు ప్రతి గడిలోనూ పుట్టుకురావాలన్నమాట! అప్పుడు ψ కోసం ఎంత వెతికినా దొరకదు.

ఇక రెండోది, సుడి. ∂v/∂x − ∂u/∂y ఇక్కడ సున్నాయే. కనుక వెలాసిటీ పొటెన్షియల్ φ కూడా ఉంది: φ = x² − y². దాన్ని xతో అవకలనం చేస్తే u, yతో చేస్తే v వచ్చేస్తాయి.

చాలామంది తడబడేది ఇక్కడే. నీటి దారి వంగింది కదా, సుడి లేదంటారేమిటి? దారి వంగడం వేరు, నీటి కణిక తన చుట్టూ తాను తిరగడం వేరు. u = 2y, v = 0 అనే ప్రవాహం చూడండి. నీరు తిన్నగానే పోతుంది, మొదటి పరీక్షా నెగ్గుతుంది, ψ = y² దొరుకుతుంది. కానీ పై పొర వేగంగా, కింది పొర నెమ్మదిగా సాగడంతో అందులో వేసిన చిన్న పుల్లల శిలువ గిరగిరా తిరుగుతుంది. రెండో పరీక్షలో −2 వస్తుంది. φ కట్టబోతే 2xy + g(y) దాకా వస్తాం. ఆపైన v సున్నా కావాలంటే g′(y) = −2x అవ్వాలి. yని మాత్రమే ఎరిగిన gకి xతో పనేమిటి? లెక్క అక్కడే ఆగిపోతుంది.

మన మొదటి లెక్కకూ ఒక చిక్కుంది. గచ్చు మీద కూడా u = 2x అంటోంది. అసలు నీరు గచ్చును అంటిపెట్టుకుని అక్కడ కదలకుండా ఉంటుంది. ఆ అంటుకున్న చోటికీ పైన జోరుగా పారే నీటికీ మధ్య ఉండే పలుచని పొరను 1904లో లుడ్విగ్ ప్రాంట్ల్ వివరించాడు. ఆ పొరలో సుడి ఉంటుంది, కనుక φ పనికిరాదు. నీరు మాత్రం నొక్కుకుపోదు కాబట్టి ψ గచ్చు దాకా చెల్లుతుంది, రూపం 2xy కాకపోయినా.