ఇంగ్లీషులో మాయమయ్యే ‘గాడు’

తెలుగు రచనలను ఇంగ్లీషులోకి తెచ్చేటప్పుడు ‘గారు’ను ఉంచాలా, తీసేయాలా అన్న చర్చ ఎక్కువగా తెలుగుదనం చుట్టూ తిరుగుతుంది. ఉంచితే మన మర్యాద నిలుస్తుందని కొందరు, తీసేస్తే పరాయి పాఠకుడికి సులువని కొందరు. ‘గారు’ ఒంటరి పదం కాదన్న సంగతి ఇరుపక్షాలూ పట్టించుకోవు. ఒక్క అక్షరం తేడాతో దాని పక్కనే ‘గాడు’ ఉంది.

‘చినరెడ్డిగారు వచ్చారు. ఎల్లిగాణ్ని పిలిచారు. వాడు రాలేదు.’ ఊళ్లో ఎవరూ వింతగా చూడని వాక్యాలివి. చినరెడ్డికి పన్నెండేళ్లు, జీతగాడు ఎల్లయ్యకు అరవై. పెద్దవాళ్లను గౌరవించాలన్న సూత్రాన్ని కులం ఎలా రద్దు చేసిందో పేరు చివరి ప్రత్యయం, సర్వనామం, క్రియ మూడూ చెబుతున్నాయి. ఇంగ్లీషులో క్రియకు ఈ తేడా లేదు. ఇద్దరికీ ‘హీ’ ఒక్కటే. ఇక మిగిలింది ప్రత్యయం. అనువాదకుడు మంచి మనసుతోనే ‘ఎల్లిగాడు’ను ‘ఎల్లయ్య’గా సవరించి, ‘చినరెడ్డిగారు’ను మాత్రం యథాతథంగా ఉంచుతాడు. దొర మర్యాద సముద్రం దాటుతుంది, జీతగాడి అవమానం ఊళ్లోనే ఉండిపోతుంది. ఎల్లయ్య భార్య సంగతి మరీ విచిత్రం. దొరసాని ‘వచ్చారు’, ఆమె ‘వచ్చింది’, గేదె కూడా ‘వచ్చింది’. ఇంగ్లీషులోని ‘షీ’ ఆ కూలిమనిషిని గేదె నుంచి వేరు చేస్తుంది, కానీ ఆ పోలికను మోసిన వ్యాకరణాన్ని దాచేస్తుంది.

కథల్లో ఇది అభిరుచి సమస్య అనుకోవచ్చు. కోర్టులో అనుకోలేం. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం (1989) సెక్షన్ 3(1)(ఆర్) కింద నేరం నిలవాలంటే, నలుగురికీ కనిపించే చోట, కించపరిచే ఉద్దేశంతోనే అవమానించారని తేలాలి. ‘ఒరేయ్ ఎల్లిగా, ఇటు రారా’ అన్న సాక్ష్యం ఇంగ్లీషు పత్రంలో ‘ఎల్లయ్యా, ఇటు రా’ అన్న అర్థమిచ్చే వాక్యంగా మారితే, అది మామూలు పిలుపే అవుతుంది. ‘ఒరేయ్’ అన్న ఒక్క మాటే నేరాన్ని రుజువు చేయదు, నిజమే; స్నేహితులూ అలాగే పిలుచుకుంటారు. కానీ ఉద్దేశాన్ని అంచనా వేయడానికి పనికొచ్చే ఆనవాలు ఆ మాటలోనే ఉంది. సాక్షి పలికిన తెలుగు మాటను అక్షరాలా రాసి, దాని బరువును పక్కనే వివరించాలి.

మన పత్రికలూ ఈ తూకానికి అతీతం కావు. వార్తల్లో ‘గారు’ తీసేశామని సంతోషిస్తాం. మంత్రి ‘అన్నారు’, ప్రమాదంలో పోయిన కూలీ మాత్రం ‘మృతి చెందాడు’. గౌరవం క్రియలో దాక్కుంది, అంతే.

అందుకే నా వాదన: కులసంబంధాన్ని చూపే కథలోనైనా, సాక్ష్యంలోనైనా ‘గారు’, ‘గాడు’ రెండూ ఇంగ్లీషులోకి వెళ్లాలి. మనం నేరుగా ఇంగ్లీషులో రాసే ఉత్తరాల్లో, ఆఫీసు కాగితాల్లో రెండూ అక్కర్లేదు. కలెక్టరుకు ఇంగ్లీషులోనూ ‘గారు’ తగిలించే గుమాస్తా, అదే కాగితంలో పారిశుద్ధ్య కార్మికుడిని ఉత్త పేరుతో రాస్తున్నాడు. ఆ ‘గారు’ను కార్మికుడికీ తగిలించాలి, లేదా కలెక్టరుకూ తీసేయాలి.