కోడింగ్ రౌండ్‌కి ఎనిమిది వారాలు

ఫైనలియర్‌లో ప్లేస్‌మెంట్లు దగ్గరపడగానే చాలామంది నేరుగా గ్రాఫుల మీద పడతారు. నన్నడిగితే, ఎనిమిది వారాల్లో మొదటి మూడూ అర్రేలు, స్ట్రింగులు, హ్యాషింగ్‌కే ఇవ్వాలి. నాలుగో వారం లింక్డ్ లిస్టులు, స్టాకులు, క్యూలు. తర్వాతి రెండు వారాలు రికర్షన్, ట్రీలు. ఏడో వారం గ్రాఫులు, అదీ బీఎఫ్ఎస్, డీఎఫ్ఎస్ వరకే. చివరి వారం కొత్త పాఠం ముట్టుకోకుండా టైమర్ పెట్టుకుని పాతవే రాయాలి.

మొదట్లో అంత సమయం ఎందుకో ఈ లెక్కలో తెలుస్తుంది. 4, 11, 2, 7 అనే అర్రేలో కూడితే 9 వచ్చే జత ఉందా? ప్రతి జతనీ కూడి చూస్తే జవాబు దొరుకుతుంది, శాంపిల్ టెస్టులూ పాసవుతాయి. కానీ అర్రేలో 1,00,000 సంఖ్యలుంటే జతలు దాదాపు 500 కోట్లు. టైమ్ లిమిట్ దాటిపోతుంది. అందుకే ప్రశ్న చివర ఇచ్చే పరిమితుల్ని ముందే చదవాలి.

చూసిన సంఖ్యల్ని ఒక సెట్‌లో వేసుకుంటూ వెళ్తే ఒక్క చుట్టు చాలు. 4కి జోడీ 5, సెట్‌లో లేదు. 11కి -2, లేదు. 2కి 7, ఇంకా రాలేదు. 7 దగ్గరికొచ్చేసరికి 2 సెట్‌లో ఉంది. ఇక్కడో చిక్కుంది: వెతకడానికి ముందే సంఖ్యను సెట్‌లో వేస్తే, మొత్తం 8 అడిగినప్పుడు ఒంటరి 4 తనకు తానే జోడీ అయిపోతుంది. శాంపిల్‌లో దొరకని ఈ తప్పు దాచిన టెస్టుల్లో బయటపడుతుంది.

అరగంటలో దారి దొరక్కపోతే పరిష్కారం చూడొచ్చు. మూడు రోజులాగి, అదే ప్రశ్నను చూడకుండా మళ్లీ రాయాలి.