అక్కకు నాలుగు కాయలు, తమ్ముడికి రెండు

ముసురు పట్టి పిల్లలు ఇంట్లోనే ఉండిపోతే, ఒకే గదిలో ఉండే అక్కాతమ్ముళ్ల మధ్య గొడవ ఎంతోసేపు ఆగదు. అక్కకు 10 ఏళ్లు, తమ్ముడికి 5 ఏళ్లు అనుకుందాం. ఆమెకు నచ్చే ఆట వాడికి అర్థం కాదు, వాడి ఆట ఆమెకు విసుగు. ఇద్దరినీ కలిపి కూర్చోబెట్టడానికి అష్టాచెమ్మా బాగా పనికొస్తుంది. పందెం ఎంత పడుతుందన్నది వయసును బట్టి ఉండదు కదా!

ముందు సరంజామా తయారుచేయిద్దాం. పాత అట్టపెట్టె నుంచి 45 సెంటీమీటర్ల చదరపు ముక్క కోసిస్తే, అక్క స్కేలుతో 9 సెంటీమీటర్లకో గీత గీస్తుంది. 25 గడులు వస్తాయి. నాలుగు అంచుల్లోనూ మధ్య గడిలోనూ, ఆపైన నట్టనడిమి గడిలోనూ ఇంటూ గుర్తు పెట్టాలి. ఆ పని తమ్ముడిది. నేలమీద సుద్దతో గీసుకోవచ్చుగానీ, అట్ట అయితే పక్క వేసే వేళకు తీసి గోడకు ఆనించొచ్చు. రెండు చింతపిక్కలను చీల్చితే నాలుగు బద్దలు వస్తాయి. చీలకపోతే నాలుగు పిక్కలు తీసుకుని, ఒక్కోదాన్ని ఒకవైపు తెల్లగా కనబడేదాకా గరుకు బండమీద అరగదీయాలి. పిక్కలు నోట్లో పెట్టుకునే పసివాళ్లుంటే ఆట అయ్యేదాకా పెద్దవాళ్లు దగ్గరుండాలి.

ఎన్ని పిక్కలు తెల్లగా పడితే అన్ని గడులు నడవాలి. నాలుగూ తెల్లగా పడితే చెమ్మా, అంటే 4. ఒక్కటీ పడకపోతే అష్టా, అంటే 8. ఈ రెండు పడినప్పుడు మళ్లీ వేయొచ్చు. కాయ తన ఇంటి నుంచి బయటి వరుస చుట్టి, లోపలి వరుసలోకి దిగి, అక్కడ ఎదురుదిశలో తిరిగి నడిమి గడి చేరితే పండినట్టు. మొత్తం 24 అడుగుల ప్రయాణం. ఎదుటి కాయ ఉన్న గడిలోకి సరిగ్గా వెళ్తే దాన్ని చంపొచ్చు. ఇంటూ ఉన్న గడిలో మాత్రం చంపకూడదు.

ఆట మొదలెట్టేముందు పిక్కలను పరీక్షించడం కూడా ఒక ఆటే. తమ్ముడు 48 సార్లు వేస్తాడు, అక్క కాగితంమీద గీతలు పెట్టి లెక్క రాస్తుంది. పిక్కలు రెండువైపులా సమంగా పడేవైతే రెండు సుమారు 18 సార్లు, ఒకటీ మూడూ చెరి 12 సార్లు, చెమ్మా, అష్టా చెరి 3 సార్లు రావాలి. ఒకటీ రెండూ అటూ ఇటూ అయితే ఫరవాలేదు. అష్టాలే వరసపెట్టి పడుతుంటే మాత్రం పిక్కల తెల్లవైపు పైకి తేలడం లేదని అర్థం. వాటిని మార్చాలి.

అసలు చిక్కు ఇక్కడినుంచే. చెమ్మా గానీ అష్టా గానీ పడితేనే కాయ ఇల్లు దాటాలనేది చాలా ఇళ్లలో నియమం. అది సగటున 8 పందేలకు ఒకసారే పడుతుంది. అయిదేళ్లవాడు అంతసేపు ఓపిక పట్టలేడు. వాడికి ఏ పందెం పడినా కాయను కదపనివ్వండి. ఇక పందెం అదృష్టమే అయినా, ఏ కాయ జరపాలన్నది తెలివి. అక్క గెలిచేది అక్కడే. అందుకని మొదటి ఆట చెరో కాయతో ఆడించండి. ఎంచుకోవడానికి ఏమీ ఉండదు కాబట్టి ఇద్దరూ సమానమే. తరవాత అక్కకు నాలుగు కాయలు, తమ్ముడికి రెండు ఇవ్వండి. ఆమె నాలుగూ పండించేలోగా వాడు రెండు పండిస్తే చాలు.

ఏడుపు వచ్చేది పండబోయే కాయ చచ్చినప్పుడు. 20 అడుగులు నడిచిన కాయ మళ్లీ మొదటికి వెళ్లడం చిన్నవాడికి తట్టుకోలేని దెబ్బ. వాడి కాయ ఇంటికి కాకుండా, దాటి వచ్చిన చివరి ఇంటూ గడికి వెళ్తే సరి. లోపలి వరుసలోకి దిగాలంటే ముందు ఒక కాయనైనా చంపి ఉండాలనే నియమం కూడా వాడికి వద్దు. ఈ వెసులుబాట్లన్నీ ఆటకు ముందే చెప్పాలి. మధ్యలో చెబితే "వాడికొక రూలు, నాకొక రూలా?" అని అక్క అలుగుతుంది, న్యాయమే కూడా.

ఒక ఆట కాగానే కాసేపు విడదీయండి. మంచంమీద అక్క పుస్తకం, కింద తమ్ముడి రంగులు. ఒకరి చోటికి ఒకరు పిలవకుండా వెళ్లకూడదు. మళ్లీ కూర్చున్నాక ఎవరో ఒకరే మూడుసార్లు వరసగా గెలిస్తే ఒక్క నియమం మాత్రమే మార్చండి. తమ్ముడు గెలుస్తుంటే ముందు తీసేయాల్సింది చచ్చిన కాయకిచ్చిన వెసులుబాటు. అక్క గెలుస్తుంటే వాడికి ఒక కాయ తగ్గించండి.