ఒక్క మెయిల్, మూడు మోతలు

నెలలో 20వ తేదీ దగ్గరపడుతోందంటే ఆడిటర్ల ఆఫీసుల్లో మెయిళ్లకు తెరిపి ఉండదు. నెలనెలా జీఎస్‌టీఆర్-3బి దాఖలు చేసే వ్యాపారులకు మామూలుగా గడువు ఆ రోజే. విజయవాడలో అలాంటి ఆఫీసులో పనిచేసే ఒక అసిస్టెంటునే తీసుకుందాం. ఆమెది ఆండ్రాయిడ్ ఫోను, చేతికి రెండు వేల రూపాయల లోపు వాచీ. క్లయింటు ఒక ఇన్‌వాయిస్ జతచేసి మెయిల్ పంపాడు. బల్ల మీద ఫోను మోగింది. రెండు క్షణాలాగి మణికట్టు మీద వాచీ వణికింది. చూసి చెయ్యి దించేలోపు ఇంకోసారి వణికింది. ఏదో ముఖ్యమైన మెయిల్ మరొకటి వచ్చిందనుకుని చూస్తే అదే క్లయింటు, అదే ఇన్‌వాయిస్.

వాచీ పాడైందా అంటే, కాలేదు. మొదటి రెండు మోతలూ ఉద్దేశపూర్వకంగా చేసిన ఏర్పాటే. మూడోదే పొరపాటు. ఈ రెండింటినీ విడదీసి చూస్తే తప్ప ఏ సెట్టింగు మార్చాలో తెలియదు.

చాలా వాచీలకు మెయిల్ అంటే ఏమిటో తెలియదు. వాటిలో మెయిల్ ఖాతా ఉండదు, పాస్‌వర్డ్ ఉండదు. మెయిల్ సర్వర్ నుంచి ఫోనుకు కబురు వస్తుంది. ఫోనులోని జీమెయిల్ ఆ మెయిల్‌ను దించుకుని తెర మీద ఒక నోటిఫికేషన్ పెడుతుంది. వాచీకి చేరేది ఆ నోటిఫికేషన్‌లోని పేరు, విషయం, మొదటి రెండు మూడు వాక్యాలు మాత్రమే. బ్లూటూత్ మీదుగా వచ్చే నకలు అది. గూగుల్ 2014లో ఆండ్రాయిడ్ వేర్ పేరుతో వాచీల వ్యవస్థ తెచ్చినప్పటి నుంచీ ఇదే పద్ధతి. ఫోను మీద పడిన ప్రతి నోటిఫికేషనూ, యాప్ తయారుచేసినవాళ్లు వద్దని చెప్పకపోతే, దానంతటదే వాచీకి వెళ్లిపోతుంది. కాబట్టి రెండు చోట్లా కనిపించడం నకలు అనే మాటలోనే ఉంది. వాచీ పెట్టుకున్నంతసేపు ఫోను నోరు మూయించే సెట్టింగు చాలా కంపెనీల యాప్‌లలో ఉంటుంది. కానీ కొన్న రోజున దాన్ని వెతికేవాళ్లు తక్కువ.

మూడో మోత సంగతి వేరు. దాని మూలం ఫోనులో ఉందా, వాచీ దారిలో ఉందా అన్నది ముందు తేల్చుకోవాలి. ఇందుకు ఆండ్రాయిడ్ 11 నుంచి ఒక మంచి సాధనం ఉంది. ఫోను సెట్టింగుల్లో నోటిఫికేషన్ల విభాగంలో Notification history అని ఉంటుంది. దాన్ని ఆన్ చేసి, వేరే ఖాతా నుంచి తనకు తానే ఒక మెయిల్ పంపుకుని చూడాలి. ఏ యాప్ ఎప్పుడు ఏ నోటిఫికేషన్ పెట్టిందో అక్కడ వరుసగా కనిపిస్తుంది. అక్కడే రెండు యాప్‌ల పేర్లు కనిపిస్తే జాడ్యం ఫోనులోదే. ఒకే యాప్ పేరు మీద ఒకే మెయిల్ ఉండి, వాచీలో రెండు వస్తే, తేడా వాచీ దారిలో వచ్చిందన్నమాట.

ఫోనులో జాడ్యం చాలాసార్లు చిన్నదే. ఫోను కంపెనీ ముందే వేసి ఇచ్చిన ఈమెయిల్ యాప్‌లో మొదటి రోజు ఖాతా పెట్టుకుంటారు. తర్వాత అలవాటు కొద్దీ జీమెయిల్‌లోనూ అదే ఖాతా తెరుస్తారు. ఇక ప్రతి మెయిల్‌కూ రెండు యాప్‌లూ విడివిడిగా కబురు చెబుతాయి. ఆఫీసు ఖాతాకు వచ్చినవి సొంత ఖాతాకు ఫార్వర్డ్ అయ్యేలా పెట్టుకున్నవారికీ ఇదే తంతు. వాచీ మీద నోటిఫికేషన్ పక్కనుండే బొమ్మను చూస్తే దొరికిపోతుంది: ఒకదాని పక్కన జీమెయిల్ ఎం, రెండోదాని పక్కన మరో కవరు బొమ్మ. ఒక యాప్‌లో నోటిఫికేషన్లు ఆపేస్తే సరి.

మన అసిస్టెంటు ఫోనులో ఉన్నది జీమెయిల్ ఒక్కటే. ఆమె సమస్య వాచీ దారిలో ఉంది.

ఇలాంటి చౌక వాచీలు గూగుల్ వ్యవస్థ మీద నడవవు. ప్రతి కంపెనీకీ ఫోనులో వేసుకోవలసిన సొంత యాప్ ఒకటి ఉంటుంది. వాచీ కలిపిన రోజునే అది నోటిఫికేషన్లు చదివే అనుమతి అడుగుతుంది. ఇచ్చాక, ఫోను మీద ఏ నోటిఫికేషన్ పడినా ఆండ్రాయిడ్ ఆ యాప్‌కు చెబుతుంది. చిక్కంతా ఇక్కడే ఉంది. కొత్త నోటిఫికేషన్ పడినప్పుడూ చెబుతుంది, ఉన్న నోటిఫికేషన్‌లో ఒక అక్షరం మారినా అదే గంట కొట్టి చెబుతుంది. మార్పు వచ్చినప్పుడు మళ్లీ మోత వద్దని చెప్పే గుర్తు ఒకటి నోటిఫికేషన్‌కే అంటించి ఉండవచ్చు. ఫోను ఆ గుర్తును గౌరవించి ఊరుకుంటుంది. కంపెనీ యాప్ దాన్ని చూడకుండా రెండోసారీ వాచీకి తోసేస్తే చెయ్యి వణుకుతుంది.

ఇంకో మెలిక కూడా ఉంది. జీమెయిల్ నోటిఫికేషన్లను గుంపుగా కడుతుంది. ప్రతి మెయిల్‌కూ ఒక నోటిఫికేషన్, వాటన్నిటినీ కలిపే తలకట్టు నోటిఫికేషన్ ఒకటి. ఫోను మీద ఈ తలకట్టు విడిగా కనపడదు, మెయిళ్లన్నీ దాని కింద సర్దుకుంటాయి. చదివే అనుమతి ఉన్న యాప్‌కు మాత్రం రెండూ విడివిడిగానే అందుతాయి. శ్రద్ధగా రాసిన యాప్ తలకట్టును గుర్తుపట్టి వదిలేస్తుంది. అశ్రద్ధగా రాసింది దాన్నీ ఒక మెయిల్ కింద జమకట్టి పంపేస్తుంది. వాచీ మీద రెండోసారి వచ్చినదాంట్లో పంపినవారి పేరు లేకుండా, ఉత్త ఖాతా చిరునామానో కొత్త మెయిళ్ల లెక్కో కనిపిస్తే అది తలకట్టే. రెండుసార్లూ అక్షరం తేడా లేకుండా వస్తే, మార్పును కొత్తదిగా లెక్కేసిందని అర్థం. ఇది వాచీ కొన్నవాళ్లు సరిచేయగలిగింది కాదు. కంపెనీ యాప్‌కు అప్‌డేట్ ఉందేమో చూడటం, లేకపోతే ఆ యాప్ జాబితాలో జీమెయిల్‌ను ఆపేయడం, ఈ రెండే దారులు.

ఖరీదైన వాచీ కొంటే ఈ బెడద పోతుందా అంటే, రూపం మారుతుంది. 2017లో వచ్చిన ఆండ్రాయిడ్ వేర్ 2.0 నుంచి వాచీలో యాప్‌లు సొంతంగా బతకడం మొదలైంది. 2023లో జీమెయిల్ కూడా వాచీ యాప్‌గా వచ్చింది. వాచీకి వైఫైయో సిమ్మో ఉంటే ఫోను ప్రమేయం లేకుండానే యాప్ మెయిల్ తెచ్చుకోగలదు. అంటే ఒకే మెయిల్ రావడానికి రెండు దారులు: ఫోను నుంచి వచ్చే నకలు, వాచీ సొంతంగా తెచ్చుకునే అసలు. రెండూ మోగకుండా ఉండాలంటే, వాచీలో యాప్ ఉన్నప్పుడు ఫోను నకలు రాకుండా యాప్ రాసేవాళ్లు ఆపాలి. ఇందుకు గూగుల్ ఏర్పాట్లు చేసింది. చేయని యాప్ దొరికితే రెండు మోతలు తప్పవు.

ఏ దారిన వస్తోందో తెలుసుకోవడానికి చాలామంది ఫోనులో బ్లూటూత్ ఆపి చూస్తారు. అది చాలదు. వాచీ వైఫైలో ఉంటే ఫోను నోటిఫికేషన్లు ఇంటర్నెట్ మీదుగానూ వచ్చేస్తాయి. ఫోనునే కాసేపు స్విచ్ ఆఫ్ చేసి, కంప్యూటర్ నుంచి మెయిల్ పంపాలి. అప్పుడూ వాచీ వణికిందంటే అది సొంతంగా తెచ్చుకుంటున్నట్టే.

యాపిల్ మొదటి నుంచీ వేరే దారి పట్టింది. ఐఫోను తెరిచి వాడుతుంటే నోటిఫికేషన్ ఫోను మీదే వస్తుంది. ఫోను తాళం పడి ఉండి, వాచీ చేతికి ఉండి తెరుచుకుని ఉంటే వాచీకి వెళుతుంది. ఒకచోట మోగితే రెండోచోట మోగదు. రెండూ మోగాలని ఎవరికీ ఉండదు కాబట్టి ఈ పద్ధతే సబబు. ఆండ్రాయిడ్ వైపు కూడా కొన్ని కంపెనీలు ఫోను వాడుతున్నంతసేపు వాచీ ఊరుకునేలా సెట్టింగు ఇస్తున్నాయి.

ఇక జవాబులు. వాచీ మీద రిప్లై బటన్ నొక్కి, సిద్ధంగా ఉన్న మాటల్లో ఒకటి ఎంచుకుంటే ఏం జరుగుతుంది? నకలుగా వచ్చిన నోటిఫికేషన్ అయితే మెయిల్ పంపేది వాచీ కాదు. ఫోనులో జీమెయిల్ తన నోటిఫికేషన్‌కే జవాబు రాసే ఖాళీ ఒకటి తగిలించి పంపుతుంది. వాచీ ఆ ఖాళీలో మాటలు నింపి వెనక్కి ఇస్తుంది. ఫోనులో జీమెయిల్ దాన్ని మెయిల్‌గా మార్చి పంపిస్తుంది. కనుక వాచీ మీద టిక్కు పడితే ఫోనుకు అందిందని మాత్రమే అర్థం. ఆ అసిస్టెంటు సెల్లారులో స్కూటర్ తీస్తూ వాచీలోంచి జవాబిస్తే, ఫోనుకు సిగ్నల్ లేకపోతే ఆ జవాబు జీమెయిల్ ఔట్‌బాక్స్‌లో కూర్చుంటుంది. రోడ్డెక్కాక కదులుతుంది. వాచీకి మాత్రం ఈ సంగతేమీ తెలియదు.

ఆ బుల్లి తెర మీద ఇంకెవరెవరికి ఆ మెయిల్ వెళ్లిందో కూడా కనిపించదు. జీమెయిల్ సెట్టింగుల్లో Default reply action దగ్గర Reply all పెట్టుకున్నవాళ్లు బటన్ మీద ఏముందో చదివి నొక్కడం మంచిది. క్లయింటుకు ఇద్దామనుకున్న ‘ఓకే’ ఆయన భాగస్వాములందరికీ, వాళ్ల బ్యాంకు మేనేజరుకూ వెళితే ఇబ్బందే.

సిద్ధంగా ఇచ్చే మాటలు ఎక్కువగా ఇంగ్లిషులోనే ఉంటాయి. వచ్చిన మెయిల్‌ను బట్టి చిన్న జవాబులు సూచించే పద్ధతిని గూగుల్ 2015లో ఇన్‌బాక్స్ అనే యాప్‌తో మొదలుపెట్టి, 2017లో జీమెయిల్‌కు తెచ్చింది. యాపిల్ వాచీ ఉన్నవారు ఐఫోనులోని Watch యాప్‌లో మెయిల్ విభాగానికి వెళ్లి, Default Replies దగ్గర ‘సాయంత్రం చూసి చెబుతాను’ అని తెలుగులోనే రాసి పెట్టుకోవచ్చు. చౌక వాచీల్లో కొన్నిటికి తెలుగు ఫాంటే ఉండదు. వచ్చిన తెలుగు మెయిల్ వరసగా చదరపు డబ్బాలై కనిపిస్తుంది.

ఐఫోనుకు వేరే కంపెనీ వాచీ కలిపినవారికి ఈ జవాబు సంగతి మామూలుగా కలిసిరాదు. అలాంటి వాచీల కోసం యాపిల్ 2013లో ఐఓఎస్ 7తో ఒక బ్లూటూత్ ఏర్పాటు ఇచ్చింది. అందులో నోటిఫికేషన్ కొత్తగా చేరిందనీ, మారిందనీ, పోయిందనీ విడివిడిగా చెబుతారు. బ్లూటూత్ తెగి మళ్లీ కలిసినప్పుడు పాతవాటిని పాతవేనన్న గుర్తుతో పంపుతారు. ఆ గుర్తు చూడని వాచీ, లిఫ్టు దిగి ఫోను దగ్గరికి వచ్చేసరికి పొద్దున్నుంచి ఉన్న మెయిళ్లన్నిటికీ వణుకుతుంది. ఇక చెయ్యడానికి ఆ ఏర్పాటు ఇచ్చినవి రెండే పనులు, ఒకటి ఔను, రెండోది కాదు. కాల్ ఎత్తడానికో నోటిఫికేషన్ తీసేయడానికో అవి చాలు. మాటలు రాసి పంపే చోటు అందులో లేదు.

విజయవాడ అసిస్టెంటు విషయంలో తేలింది తలకట్టు నోటిఫికేషన్ గొడవ. కంపెనీ యాప్‌లో దాన్ని విడిగా ఆపే వీలు లేదు. ఆమె చేయగలిగింది ఫోనులోనే జల్లెడ పట్టడం. జీమెయిల్‌లో ఖాతా నోటిఫికేషన్లను High priority only కు మారిస్తే, జీమెయిల్ ముఖ్యమని లెక్కించిన మెయిళ్లకే నోటిఫికేషన్ పడుతుంది. ఫోను మీద పడనిదానికి వాచీలో నకలు ఉండదు, నకలుకు నకలూ ఉండదు. పడినవాటికి మూడో మోత మాత్రం, ఆ యాప్‌ను ఎవరైనా సరిచేసేదాకా, వస్తూనే ఉంటుంది.