బిల్లు లేని లెక్క

పల్నాడులో గానీ, సూర్యాపేట జిల్లా మేళ్లచెరువు వైపు గానీ ఒక సిమెంటు ఫ్యాక్టరీ ఉందనుకుందాం. ఏడాదికి 10 లక్షల టన్నుల క్లింకర్ కాలుస్తుంది. దానికి ఫ్లైయాష్, జిప్సం కలిపి 14 లక్షల టన్నుల సిమెంటు అమ్ముతుంది. కంపెనీ ఊహే అయినా అంకెలు ఈ పరిశ్రమలో మామూలుగా కనిపించేవే.

దాని వార్షిక నివేదికలో ఇప్పుడు రెండు లెక్కలుంటాయి. ఒకటి మనకు తెలిసిన లాభనష్టాలు, బ్యాలెన్స్ షీట్. రెండోది బీఆర్ఎస్ఆర్ అనే సుస్థిరత నివేదిక. మార్కెట్ విలువలో మొదటి వెయ్యి లిస్టెడ్ కంపెనీలకు 2022-23 నుంచి సెబీ దీన్ని తప్పనిసరి చేసింది. ఎంత కరెంటు వాడారు, ఎంత నీరు తోడారు, ఎంత కార్బన్ డయాక్సైడ్ వదిలారు వంటివన్నీ అందులో రాయాలి. ఈ రెండూ ఒకే ఫ్యాక్టరీ గురించి చెబుతున్నాయా అన్నది చాలామంది వాటాదారులు పట్టించుకోని ప్రశ్న.

కార్బన్ లెక్కే తీసుకుందాం. సున్నపురాయిని కాలిస్తే రాయిలోనే ఉన్న కార్బన్ డయాక్సైడ్ బయటికి వస్తుంది. టన్ను క్లింకర్‌కు అర టన్నుకు కొంచెం పైనే, అంటే మన ఫ్యాక్టరీకి ఏడాదికి దాదాపు 5.25 లక్షల టన్నులు. కిల్న్‌లో మండించే బొగ్గు, పెట్‌కోక్ నుంచి ఇంకో 3 లక్షల టన్నులు. ఫ్యాక్టరీ గేటు లోపలే పుట్టే ఈ రెంటినీ కలిపి స్కోప్ 1 అంటారు. ఇక కరెంటు. టన్ను సిమెంటుకు 75 యూనిట్లు వేసుకుంటే 10.5 కోట్ల యూనిట్లు. మన దేశపు గ్రిడ్‌లో యూనిట్‌కు సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ పడుతుంది కాబట్టి ఇది దాదాపు 73 వేల టన్నులు. ఇది స్కోప్ 2. అన్నీ కలిపితే 9 లక్షల టన్నుల దగ్గరికొస్తుంది.

వీటిలో బొగ్గుకూ కరెంటుకూ బిల్లులున్నాయి. అవి లాభనష్టాల పట్టికలో ‘విద్యుత్, ఇంధనం’ ఖర్చు కింద కనిపిస్తాయి. యూనిట్ 7 రూపాయలైతే మన ఫ్యాక్టరీ కరెంటు ఖర్చు 73 కోట్లకు పైమాటే. ఆర్థిక లెక్కల్లో ఈ ఖర్చు ఉండి, బీఆర్ఎస్ఆర్‌లో మాత్రం 8 కోట్ల యూనిట్లే చూపిస్తే మిగతా యూనిట్లు ఎక్కడికి పోయినట్టు? చాలాసార్లు జవాబు నివేదిక మొదట్లోనే దొరుకుతుంది. ఈ వివరాలు కంపెనీ ఒక్కదానివా, అనుబంధ సంస్థలన్నిటినీ కలిపినవా అని అక్కడ చెప్పాలి. దూరాన ఉన్న గ్రైండింగ్ యూనిట్‌ను అందులో వదిలేసి ఉండొచ్చు. తేడా అటువైపూ రావచ్చు. కిల్న్ నుంచి పోయే వేడితో సొంతంగా కరెంటు తీసుకుంటే, బిల్లు తక్కువైనా వాడకం తగ్గదు.

అసలు పెద్ద అంకె మాత్రం రాయిలోంచి వచ్చినదే. దానికి ఏ బిల్లూ లేదు. గాలిలోకి పోయిన దానికి ఎవరూ ఇన్‌వాయిస్ పంపరు. క్లింకర్ ఉత్పత్తి రికార్డు నుంచి కట్టి తేవాల్సిన లెక్క అది. అందుకే దాన్ని తనిఖీ చేయడం కష్టం. సెబీ ‘బీఆర్ఎస్ఆర్ కోర్’ పేరుతో కొన్ని కీలక అంకెలను వేరు చేసి, వాటికి బయటివారి పరిశీలన పెట్టింది. అది 2023-24లో మొదటి 150 కంపెనీలతో మొదలైంది.

బీఆర్ఎస్ఆర్‌లో ఒక కొలమానంతో జాగ్రత్తగా ఉండాలి. రూపాయి అమ్మకానికి ఎంత కార్బన్ అన్నది రాయమంటారు. మన ఫ్యాక్టరీ టన్ను 5,000 చొప్పున అమ్మితే ఆదాయం 700 కోట్లు, కోటి రూపాయలకు దాదాపు 1,285 టన్నుల కార్బన్ డయాక్సైడ్. మరుసటి ఏడాది ధర 5,500 అయిందనుకోండి, అదే ఉత్పత్తికి 770 కోట్లు వస్తాయి, లెక్క 1,170కి పడిపోతుంది. కిల్న్‌లో ఒక్క కిలో తగ్గలేదు, గ్రాఫ్ మాత్రం తొమ్మిది శాతం దిగింది! టన్ను సిమెంటుకు ఎంత అన్న అంకె పక్కనే ఉందేమో చూసి, ఉంటే దాన్నే నమ్మాలి.

2025 అక్టోబరులో కేంద్రం నోటిఫై చేసిన ఉద్గార తీవ్రత లక్ష్యాలు కూడా టన్ను ఉత్పత్తి ప్రాతిపదికనే ఉన్నాయి. సిమెంటు ఆ జాబితాలో ఉంది. లక్ష్యం అందుకోలేని ఫ్యాక్టరీ లోటుకు సరిపడా కార్బన్ క్రెడిట్లు కొనాలి. మన ఫ్యాక్టరీ టన్నుకు 0.01 టన్ను వెనకబడితే 14 వేల క్రెడిట్లు. ఒక్కోటి వెయ్యి రూపాయలనుకుంటే 1.4 కోట్లు. మొత్తం పెద్దది కాకపోయినా, ఇన్నాళ్లూ సుస్థిరత పేజీల్లోనే ఉన్న అంకె ఈ దారిన ఖర్చుల్లోకి వస్తుంది.

నా ఉద్దేశంలో అంతకంటే ముఖ్యమైన లంకె బ్యాలెన్స్ షీట్‌లో ఉంది. నిరంతరం నడిచే ప్లాంటుకు కంపెనీల చట్టం షెడ్యూల్ 2 ప్రకారం 25 ఏళ్ల ఆయుష్షు. మన ఫ్యాక్టరీ పదేళ్ల కిందట 500 కోట్లు పెట్టి ప్లాంటు కట్టింది. ఏటా 20 కోట్ల తరుగుదల పోగా 300 కోట్లు మిగిలాయి, ఇంకా 15 ఏళ్లున్నాయి. చివర్లో వచ్చే తుక్కు విలువను ఇక్కడ వదిలేశాను. అదే నివేదికలో ఛైర్మన్ లేఖ మాత్రం తొమ్మిదేళ్లలో ఈ కిల్న్ తీసేసి కొత్త సాంకేతికతకు మారతామని చెబుతోందనుకోండి. ఆ మాట నిజమైతే 300 కోట్లను తొమ్మిదేళ్లలోనే రాయాలి. తరుగుదల ఏటా 33 కోట్లకు పెరుగుతుంది, లాభంలో 13 కోట్లు పోతాయి. ఆస్తి ఆయుష్షును కనీసం ఏడాదికోసారి సమీక్షించమని ఇండ్ ఏఎస్ 16 ఎలాగూ చెబుతోంది. లేఖలో తొమ్మిదేళ్లు, నోట్స్‌లో పదిహేనేళ్లు ఉన్నాయంటే ఏదో ఒకటి ఉత్తమాట.

అలాగని ప్రతి వాగ్దానమూ వెంటనే అప్పు కింద రాదు. ఫలానా ఏడాదికల్లా నెట్ జీరో అవుతామని ప్రకటించినంత మాత్రాన భవిష్యత్తు ఉద్గారాలకు ఇవాళే కేటాయింపు చూపనక్కర్లేదని, అకౌంటింగ్ ప్రమాణాలకు భాష్యం చెప్పే అంతర్జాతీయ కమిటీ 2024లో తేల్చింది. వదలని కార్బన్‌కు ఇంకా బాధ్యత పుట్టలేదన్నది దాని తర్కం. అయితే ఆ వాగ్దానం ఆస్తుల ఆయుష్షునూ విలువనూ మారుస్తుందా అన్నది వేరే ప్రశ్న, దాన్ని మాత్రం వేసుకోక తప్పదు.

వేసుకుంటే ఏమవుతుందో 2020 జూన్‌లో చమురు కంపెనీ బీపీ చూపించింది. దీర్ఘకాలంలో బ్రెంట్ ముడిచమురు ధర బ్యారెల్‌కు సగటున 55 డాలర్లేనని, 2030లో టన్ను కార్బన్‌కు 100 డాలర్లు కట్టాల్సి రావచ్చని తన అంచనాలు మార్చుకుంది. బావులూ పైపులూ ఉన్నచోటనే ఉన్నాయి. అయినా 1,300 కోట్ల నుంచి 1,750 కోట్ల డాలర్ల దాకా విలువ కొట్టేయాల్సి వస్తుందని ప్రకటించింది.

2023లో వచ్చిన ఐఎఫ్ఆర్ఎస్ ఎస్1, ఎస్2 ప్రమాణాలు కోరేదీ ఇదే. వాతావరణ పేజీల్లో వాడిన అంచనాలు, ఆర్థిక పేజీల్లో వాడినవి వీలైనంతవరకు ఒకటే కావాలి, తేడా ఉంటే చెప్పాలి. మన బీఆర్ఎస్ఆర్ అంత దూరం వెళ్లలేదు. అందులో కంపెనీకి ముఖ్యమైన ముప్పుల పట్టిక ఒకటుంది. దాని చివరి గడి ఆర్థిక ప్రభావం గురించే, కానీ అది అడిగేది పాజిటివా నెగటివా అని మాత్రమే. ఎన్ని కోట్లన్నది అడగదు. చాలా కంపెనీలు ‘నెగటివ్’ అని ఒక్క ముక్క రాసి ఊరుకుంటాయి. ఏజీఎంలో మైకు అందిన వాటాదారు ఆ గడి చూపించి, ఇది బ్యాలెన్స్ షీట్‌లో ఏ నోట్‌లో ఉందని అడగొచ్చు.